నా ఆటలో మూడే పులులు: స్టోర్ స్క్రీన్‌షాట్లు, ట్రైలర్ డబ్బిచ్చి చేయించుకునేవారికి హెచ్చరిక

ఫోను ఆట తయారుచేసి, ప్లే స్టోర్ పేజీకి కావలసిన స్క్రీన్‌షాట్లు, ట్రైలర్ బయటివారితో చేయించుకోవాలనుకుంటున్నారా? అడ్వాన్సు పంపే ముందు ఇది చదవండి. నేను ఒక డిజైన్ బృందానికి 18,000 రూపాయలు ఇచ్చి నా ఆటకున్న మంచిపేరును పోగొట్టుకున్నాను. ఆ బృందం పేరు ఇక్కడ రాయను. పేరు మార్చుకుని మళ్లీ రావడం వారికి ఒక్క రోజు పని. వారి పనితీరును గుర్తుపట్టడం తెలిస్తే మీకు అదే ఎక్కువ ఉపయోగం.

మాది కర్నూలు. నేను చేసిన ఆట పులిజూదం. పల్లెల్లో రచ్చబండల మీద, గుడి మండపాల్లో నేల బండల మీద గీతలు చెక్కి ఉంటాయి కదా, అదే ఆట. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలన్నీ కలిసి పులులను కదలనివ్వకుండా కట్టేయాలి. హడావిడి లేని, తల గోక్కుంటూ ఆడే ఆట. రెండేళ్ల పాటు సాయంత్రాలన్నీ దీనికే పెట్టాను. ఆట బాగానే కుదిరింది కానీ నేను తీసిన స్క్రీన్‌షాట్లు మాత్రం వెలవెలబోయేవి. వారానికి 140 మంది దాకా ఇన్‌స్టాల్ చేసుకునేవారు. రేటింగు 4.4.

ఆ డిజైన్ బృందం ఎనిమిది స్క్రీన్‌షాట్లు, పేజీ పైభాగంలో వచ్చే అడ్డం బొమ్మ, ముప్పై సెకన్ల ట్రైలర్ కలిపి చేసిస్తామంది. మొదటి అపశకునం మొదటి ఫోనులోనే వినిపించింది. ‘లోగో పంపండి సార్, ఏ రంగులు ఇష్టమో చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నారు. ఆట పంపమని అడగలేదు. పెళ్లికూతురిని చూడకుండానే ఫోటో ఇస్తానన్న ఫోటోగ్రాఫర్‌ను ఎవరైనా నమ్ముతారా? నేను మాత్రం నాకు పని తప్పిందని సంతోషించాను.

తొమ్మిది రోజులకు బొమ్మలు వచ్చాయి. మొదటిదాంట్లో వెన్నెల రాత్రి, దట్టమైన అడవి, గాలిలోకి లేచిన పులి, దాని పంజా చుట్టూ మెరుపులు. అడుగున ఒక మూల అగ్గిపెట్టెంత ఆట పలక. రెండోదాంట్లో కత్తి పట్టిన కుర్రాడు. మా అమ్మాయి నా భుజం మీదుగా చూసి, ‘నాన్నా, ఈ అబ్బాయి ఎవరు?’ అంది. నా ఆటలో అబ్బాయి లేడు. మూడోదాని మీద ‘నంబర్ 1 పులి ఆట’ అని, పక్కన ఐదు నక్షత్రాలు. ట్రైలర్‌లో తొలి పన్నెండు సెకన్లు డప్పుల మోత, పొగలోంచి లేచే పేరు. తరువాత అడవిలో పరుగు. అసలు పలక కనబడింది నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లను ఆపి చూస్తే పలక మీద నాలుగు పులులున్నాయి.

ఆ నాలుగో పులిని నేను డబ్బు మొత్తం చెల్లించాక చూశాను. మీరు ముందే లెక్కపెట్టండి. మీ ఆటలో మీకు మాత్రమే తెలిసిన అంకె ఒకటి ఉంటుంది. పావులెన్ని, ప్రాణాలెన్ని, గడులెన్ని. ఆట తెరవకుండా గీసినవారు అక్కడ దొరికిపోతారు.

అయినా పేజీలో పెట్టేశాను. చేతికొచ్చిన బొమ్మల మెరుపు అలాంటిది. ఆ వారం 490 మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు. నేను కొండారెడ్డి బురుజు దగ్గర మిఠాయి కొని ఇంటికి పట్టుకెళ్లాను.

వారం తిరిగాక ప్లే కన్సోల్‌లో రెండో అంకె చూశాను. ఇన్‌స్టాల్ చేసుకున్నవారిలో ఒక రోజు గడిచాక కూడా ఆటను ఉంచుకున్నవారు ఎంతమంది అన్నది అక్కడ కనబడుతుంది. పాత వారం 140 మందిలో 84 మంది ఉంచుకున్నారు. కొత్త వారం 490 మందిలో 73 మంది. వచ్చినవారు మూడున్నర రెట్లయ్యారు, నిలిచినవారు మునుపటికన్నా తగ్గారు. పరుగుపందెం ఆట కోసం వచ్చినవారు గీతల పలక చూసి తీసేశారంటే అర్థమవుతుంది. మరి నిలిచేవారు ఎందుకు తగ్గారు? కాసేపు ఆలోచిస్తే తెలిసింది. చదరంగం, పచ్చీసు ఇష్టపడేవారు ఆ కత్తి కుర్రాడిని చూసి, ఇది మనకు కాదనుకుని పేజీ దాటిపోయారు. తప్పుడు బొమ్మ నాకు రెండు వైపులా నష్టం చేసింది.

సమీక్షలు వేరే కథ. ‘బొమ్మలో ఉన్న ఆట ఎక్కడ?’ ‘పులి పరిగెత్తదేమి?’ అన్నీ ఒక్క నక్షత్రం. ప్లే స్టోర్ 2019 నుంచి రేటింగు కట్టేటప్పుడు ఇటీవలి వాటికి ఎక్కువ బరువు ఇస్తోంది. అందుకే చూస్తుండగానే 3.1కి పడింది. ఆ తరువాత పంపిన అప్‌డేట్‌ను స్టోర్ వెనక్కి తిప్పింది. పేజీలో ర్యాంకు చెప్పుకోకూడదు, ఆటలో లేనిది ఉన్నట్టు చూపకూడదు అన్న నియమాలకు విరుద్ధమని కారణం రాశారు. ‘నంబర్ 1’ అని రాసింది వారు, సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేను.

సరిచేయమని అడిగితే ఇంకో 6,000 అన్నారు. ఇవ్వనన్నాను. మర్నాటికి నా పేజీలో ట్రైలర్ మాయమైంది. ఇది చాలామందికి తెలియని ఉచ్చు కాబట్టి వివరంగా చెబుతాను. ప్లే స్టోర్‌లో ట్రైలర్ ఫైలును నేరుగా ఎక్కించము, యూట్యూబ్ లింకు ఇస్తాము. వారు దాన్ని తమ ఛానెల్లో పెట్టి నాకు లింకు మాత్రమే ఇచ్చారు. కోపం రాగానే దాన్ని ప్రైవేటు చేశారు. అసలు ఫైలు నా దగ్గర లేదు. ఆ లింకు వీడియో మీద ప్రకటనలు రాకూడదని కూడా ప్లే స్టోర్ అడుగుతుంది. ఎవరిదో సంగీతం వాడితే, హక్కుదారు అది తనదని యూట్యూబ్‌లో చెప్పుకున్నప్పుడు మనం ఆపినా ప్రకటనలు వచ్చే అవకాశముంది. కాబట్టి వీడియో ఫైలు మీ చేతికి రావాలి, మీ ఛానెల్లోనే ఉండాలి, సంగీతం ఎక్కడిదో రాతపూర్వకంగా ఉండాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా చివరి వాయిదా చెల్లించకండి.

తరువాత అమ్మాయి, నేను కలిసి మళ్లీ మొదటినుంచి చేశాము. ఇక్కడ ఒక చిన్న చిక్కు తగిలింది. నా ఫోను తెర 1080×2400. దానితో తీసిన స్క్రీన్‌షాట్‌ను ప్లే స్టోర్ తీసుకోదు, ఎందుకంటే పొడవు వెడల్పుకు రెట్టింపు దాటకూడదు. పైనా కిందా కోస్తే బొత్తాలు తెగిపోతాయి. సాగదీస్తే పులి బొద్దుగా అవుతుంది. ఫోనును కంప్యూటర్‌కు కలిపి, తెర కొలతనే తాత్కాలికంగా మార్చుకుంటే ఆట తానే ఆ కొలతకు సర్దుకుంటుంది:

```
adb shell wm size 1080x1920
adb shell screenrecord --bit-rate 12000000 /sdcard/puli.mp4
adb pull /sdcard/puli.mp4
adb shell wm size reset
```

మొదటి ఆదేశం ఇచ్చాక స్క్రీన్‌షాట్లు మామూలుగానే తీసుకోవచ్చు. రెండో ఆదేశం ట్రైలర్‌కు కావలసిన వీడియోను గరిష్ఠంగా మూడు నిమిషాలు రికార్డు చేస్తుంది. ముందే ఆపాలంటే కంట్రోల్, సి కలిపి నొక్కాలి. శబ్దం రాదు, దాన్ని వేరుగా చేర్చుకోవాలి. నాలుగో ఆదేశం మరిచిపోతే ఫోను అలాగే ఇరుకు తెరతో ఉండిపోతుంది. నేను మరిచిపోయి, ఫోను పాడైందని ఒక పూట బాధపడ్డాను.

1080×1920 ఎంచుకోవడానికి ఇంకో కారణముంది. ఆ కొలతలో కనీసం మూడు స్క్రీన్‌షాట్లు ఉంటేనే, ఆటలను స్క్రీన్‌షాట్లతో సిఫారసు చేసే చోట్ల మన ఆటకు అర్హత వస్తుంది. నిలువు ఆటకు ఇది, అడ్డం ఆటకు 1920×1080.

మొదటి స్క్రీన్‌షాట్‌కు ఏ క్షణం తీసుకోవాలన్న దానిమీదే ఎక్కువ సేపు వాదించుకున్నాము. ఖాళీ పలక అందంగా ఉంటుంది కానీ ఏమీ చెప్పదు. గెలిచినట్టు చూపే తెర అందరి పేజీలోనూ ఉంటుంది. చివరికి పులి చుట్టూ మేకలు మూగి, ఒకే ఒక్క దారి తెరిచి ఉన్న స్థితిని పట్టుకున్నాము. పైన ‘ఈ దారి మూస్తే పులి చిక్కినట్టే’ అని ఒక్క వాక్యం. చూసినవారి కన్ను ఆ ఖాళీ చుక్కను వెతుక్కుంటుంది. అక్షరాలు బొమ్మలో ఐదో వంతు దాటకూడదన్న సూచన ఉంది, మాది అంతకన్నా తక్కువే. ఆ స్థితి కావాలని పేర్చినదే, అది మోసం కాదు. అయితే నిజంగా ఆడి అక్కడికి చేరగలమా అని ఒకసారి ఆడి చూశాకే తీశాము. పేర్చడానికీ కల్పించడానికీ మధ్య నేను గీసుకున్న గీత అదే.

ట్రైలర్ 26 సెకన్లు. పేజీలో అది శబ్దం లేకుండా తనంతట తానే మొదలవుతుంది కాబట్టి డప్పులు ఎవరికీ వినబడవు. మూడో సెకనులోపే పులి మేక మీదుగా దూకుతుంది, పేరు చివర వస్తుంది. వీడియోలో కనీసం 80 శాతం ఆటలో నిజంగా ఎదురయ్యేదే ఉండాలని ప్లే స్టోర్ సూచన. మాది దాదాపు అంతా పలకే. నెమ్మది ఆటను వేగంగా తిప్పి చూపాలన్న ఆశ నాకూ కలిగింది. కానీ పావు కదిలే వేగం ముట్టుకోలేదు, ఎత్తుకూ ఎత్తుకూ మధ్య ఆలోచించే సమయాన్ని మాత్రమే కత్తిరించాను.

మీ బృందం చేసిచ్చింది పనికొస్తుందా అని తేల్చుకోవాలంటే ప్లే కన్సోల్‌లోనే పాత పేజీకీ కొత్తదానికీ పోటీ పెట్టే ప్రయోగం ఉంది. వచ్చేవారిలో సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపుతుంది. ఫలితం కొలిచేటప్పుడు తొలి ఇన్‌స్టాళ్లను కాక, నిలిచినవారి లెక్కను ఎంచుకోండి. లేదంటే కత్తి కుర్రాడే గెలుస్తాడు. నాలాంటి చిన్న పేజీకి ఒక వారంలో ఏమీ తేలదు. నాకు ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు వారానికి 200 మంది వస్తున్నారు, మర్నాటికి 126 మంది ఉంటున్నారు.

ఒక్క నక్షత్రం ఇచ్చిన నలభై మందికీ విడివిడిగా జవాబు రాశాను, బొమ్మలు మార్చానని. పదకొండు మంది రేటింగు మార్చారు. ఇప్పుడు 3.6 దగ్గర ఉన్నాను. డబ్బు తిరిగి రాలేదు. ఆ బృందం నమూనాల పేజీలో మాత్రం నా ఆట బొమ్మ ఇంకా ఉంది. ఎవరైనా మీకు నమూనా చూపించినప్పుడు వెన్నెల అడవి, మెరుపుల పంజా కనబడితే, కింది మూలన పలకను పెద్దది చేసి చూడండి. నాలుగు పులులుంటాయి.