పెళ్లిలోపు బరువు తగ్గాలంటే: నూనె పూర్తిగా మానడమా, కొంచెం ఉంచుకోవడమా?

కావలిలో ఒక గృహిణి అనుకుందాం. వయసు నలభై ఐదు, బరువు 78 కిలోలు. మూడు నెలల్లో కూతురి పెళ్లి. ఆమె ముందు రెండు దారులున్నాయి. వదిన చెప్పింది మొదటిది: "చుక్క నూనె లేకుండా పొద్దున పండ్లు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు, రాత్రి మజ్జిగ. పన్నెండు కిలోలు తగ్గుతావమ్మా." రెండోది నెమ్మది దారి. అన్నం తగ్గించి, నూనె కొలిచి వాడుకుంటూ వారానికి అర కిలో తగ్గడం. పెళ్లినాటికి ఆరు కిలోలు. లెక్క చూస్తే వదిన మాటే నయంగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ గాల్ బ్లాడర్ గురించి కూడా ఆలోచించాలి.

కాలేయం తయారుచేసే పైత్యరసం గాల్ బ్లాడర్‌లో నిల్వ ఉంటుంది. తిన్న తిండిలోని కొవ్వు చిన్న పేగుకు చేరినప్పుడు ఒక హార్మోన్ విడుదలై, ఈ సంచి బిగుసుకుని రసాన్ని పేగులోకి వదులుతుంది. కొవ్వు దాదాపుగా లేని భోజనం తింటే అది సరిగా బిగుసుకోదు. రసం అక్కడే నిలిచి చిక్కబడుతుంది. అదే సమయంలో వేగంగా బరువు తగ్గేవాళ్లలో ఒంట్లోని కొవ్వు కరిగి, దాంట్లోని కొలెస్ట్రాల్ పైత్యరసంలోకి ఎక్కువగా చేరుతుంది. ఒకవైపు రసంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఇంకోవైపు సంచి ఖాళీ కాదు. ముందు సన్న స్ఫటికాలు, తర్వాత రాళ్లు ఏర్పడతాయి. దీనికి ఏళ్లు పట్టనక్కర్లేదు, రెండు మూడు నెలలు చాలు. అంటే ఆమె చేతిలో ఉన్నంత వ్యవధే.

ఇటలీ పరిశోధకులు 1998లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. లావుగా ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి, రెండింటికీ దాదాపు సమానంగా, చాలా తక్కువ కేలరీల తిండి ఇచ్చారు. ఒక జట్టుకు రోజుకు 3 గ్రాముల కొవ్వు, రెండో జట్టుకు 12 గ్రాములు. బరువు రెండు జట్లలోనూ ఒకేలా తగ్గింది. చివరిదాకా ఉన్నవాళ్లలో మొదటి జట్టులో 11 మందికి 6 మందిలో రాళ్లు కనిపించాయి, రెండో జట్టు 11 మందిలో ఒక్కరికీ లేవు. ఇంత చిన్న అధ్యయనాన్ని పట్టుకుని శాసనం చేయలేం. అయినా తేడా ఎంతో చూడండి: రెండు టీ స్పూన్ల నూనె. నూనె మానినందువల్ల వాళ్లు అదనంగా తగ్గిందేమీ లేదు.

కాబట్టి ఈ రెండు దారుల్లో నా ఓటు నెమ్మది దారికే. వారానికి కిలోన్నర దాటి తగ్గేవాళ్లలో రాళ్ల ముప్పు బాగా పెరుగుతుందని తెలిసిన విషయమే. మొదటి వారం తగ్గేదాంట్లో చాలావరకు నీరే కనుక, దాన్ని చూసి మురవక్కర్లేదు, బెదరక్కర్లేదు. రెండో వారం నుంచి వేగం ఎంతో చూసుకోవాలి.

ఆమె పళ్లెం ఇలా ఉండొచ్చు. పొద్దున ఒక టీ స్పూన్ నూనెతో కాల్చిన పెసరట్టు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, చేపల పులుసు, రెండు టీ స్పూన్లకు మించని నూనెతో చేసిన కూర. నెల్లూరు పులుసులో నూనె పైకి తేలకపోతే రుచి ఉండదనేవాళ్లున్నారు. నేనూ ఒప్పుకుంటాను. వండేటప్పుడు వేసి, వడ్డించుకునేటప్పుడు పైన తేలిన తేటను పక్కకు జరపండి. రాత్రి జొన్నరొట్టె, పప్పు, ఒక టీ స్పూన్ నూనెతో కూర. మొత్తం నాలుగు టీ స్పూన్లు, అంటే సుమారు 20 మిల్లీలీటర్లు. మనిషికి నెలకు 600 మిల్లీలీటర్లు. నలుగురున్న ఇంట్లో రెండున్నర లీటర్లలోపు అయిపోతే దారి సరైనదే. కనీసం ఒక పూట భోజనంలో 10 గ్రాముల దాకా కొవ్వు పడాలి. ఇక్కడ మధ్యాహ్నం పడుతుంది. అది వేరుశనగ నూనె అయినా, నువ్వుల నూనె అయినా గాల్ బ్లాడర్ ఖాళీ అవుతుంది.

మూడో దారి కూడా ఉంది: అన్నం పూర్తిగా మానేసి కొవ్వు బాగా పెంచడం. సంచి ఖాళీ అవుతుంది కాబట్టి ఆ కోణంలో నూనె లేని డైట్ కన్నా మెరుగే. కానీ ముందే రాయి ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. పెద్ద మోతాదు నెయ్యి, మాంసం పడగానే సంచి గట్టిగా బిగుసుకుని రాయిని దారికి అడ్డంగా నెట్టవచ్చు. రాళ్లున్నాయో లేవో ముందు తెలియాలంటే అల్ట్రాసౌండ్ స్కాన్ చాలు, పెద్ద పరీక్షలేం అక్కర్లేదు.

మరి స్కాన్‌లో రాళ్లు కనిపిస్తే? చాలామందికి అవి జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టవు. నొప్పి లేకపోతే సాధారణంగా ఆపరేషనూ అక్కర్లేదు. కానీ ఇక్కడే వంటింటి వైద్యం మొదలవుతుంది. ఉలవచారు, కొండపిండాకు, అరటి దూట రసం అని ఇంటిల్లిపాదీ సలహా ఇస్తారు. అవన్నీ కిడ్నీ రాళ్ల కోసం వాడేవి. మూత్రం వెళ్లే దారికీ పైత్యరసం వెళ్లే దారికీ సంబంధం లేదు, ఎన్ని చెంబుల నీళ్లు తాగినా గాల్ బ్లాడర్‌లోకి చేరవు. ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే ఆకుపచ్చ రాళ్లు పడిపోతాయన్నది ఇంకో ప్రచారం. అలా పడినవాటిని పరీక్షిస్తే వాటిలో కొలెస్ట్రాలే లేదనీ, తాగిన నూనె, నిమ్మరసం పేగులో కలిసి సబ్బులా గట్టిపడిన ముద్దలనీ 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తిండి చేయగలిగింది రాళ్లు పుట్టే అవకాశాన్ని తగ్గించడమే. పుట్టిన రాయిని కరిగించలేదు.

నొప్పి మొదలైనవాళ్ల సంగతి వేరు. కుడివైపు పక్కటెముకల కింద లేదా పొట్ట పైభాగాన పట్టేసి, వీపుకో కుడి భుజానికో పాకి, అరగంటకు మించి ఉండే నొప్పి గ్యాస్ కాకపోవచ్చు. అది పెళ్లి భోజనం తర్వాత రాత్రి వచ్చిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు వేపుళ్లు, బజ్జీలు, నెయ్యి ముద్దలు తగ్గించి, పూటకు కొంచెంగా తింటే నొప్పి పదేపదే రాకుండా ఉండొచ్చు. కానీ అది ఆపరేషన్ దాకా కాలం గడపడానికే. దానికి జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు తోడైతే మందుల షాపుకు కాదు, స్కాన్, సర్జన్ ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి. నాళం మూసుకుపోయినా, క్లోమం వాచినా ఇలాగే ఉంటుంది.

వేగంగా తగ్గక తప్పనివాళ్లు కొందరుంటారు, ఉదాహరణకు బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. వాళ్లకు డాక్టర్లు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు కొన్ని నెలలపాటు రాస్తుంటారు. కొలెస్ట్రాల్ గట్టిపడకుండా అవి కాపు కాస్తాయి. కావలి గృహిణికి ఆ అవసరం లేదు. ఆరు కిలోలు తగ్గితే చాలనుకుంటే ఆమెకు నాలుగు స్పూన్ల నూనె సరిపోతుంది.