రోజూ వేసుకునే గొలుసుకు ఏది మేలు: గోల్డ్ ప్లేటెడా, వెర్మెయిలా, గోల్డ్ ఫిల్డా?

మరో లోహం మీద బంగారం కప్పి చేసే ఈ మూడు రకాల నగలూ కొన్న రోజున ఒకే తీరుగా మెరుస్తాయి. మెడలో, వేలికి నిత్యం ఉంచుకున్నప్పుడే వాటి తేడా బయటపడుతుంది. ఆ తేడాకు రెండు కారణాలున్నాయి: పైనున్న బంగారం ఎంత మందం, ఆ బంగారాన్ని లోపలి లోహానికి ఎలా అతికించారు. చాలామంది మొదటి ప్రశ్న అడిగి ఊరుకుంటారు కానీ, నా దృష్టిలో రెండోది కూడా అంతే ముఖ్యం. ఈ మూడు పేర్లూ అమెరికా మార్కెట్‌లో స్థిరపడినవి. వాటికి కొలతలు చెప్పేది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల వ్యాపారులకు ఇచ్చిన మార్గదర్శకాలు. ఈ కొలతలన్నీ మైక్రాన్లలో ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

గోల్డ్ ప్లేటెడ్ నగలో సాధారణంగా ఇత్తడి లేదా రాగి వస్తువును బంగారు లవణం కలిపిన ద్రావణంలో ముంచి, విద్యుత్తు పంపి బంగారాన్ని పేరుస్తారు. ఆ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ఎలక్ట్రోప్లేటింగ్‌కు కనీస మందం 0.175 మైక్రాన్లు. అంతకన్నా పలుచనైతే దాన్ని గోల్డ్ ఫ్లాష్ లేదా గోల్డ్ వాష్ అని చెప్పాలి. మందం 2.5 మైక్రాన్లకు చేరితే హెవీ గోల్డ్ ఎలక్ట్రోప్లేట్ అనవచ్చు. అంటే ప్లేటెడ్ అన్న ఒక్క మాట కింద పదిరెట్లకు పైగా తేడా ఉన్న పూతలు ఇమిడిపోతాయి. అమ్మేవారు మైక్రాన్లు చెప్పకపోతే, అది పలుచని పూతేనని అనుకుని ధర బేరీజు వేసుకోవడం క్షేమం.

వెర్మెయిల్‌ను కూడా చాలావరకు ఇదే పద్ధతిలో చేస్తారు, కానీ దానికి రెండు షరతులు ఉన్నాయి. లోపలి లోహం స్టెర్లింగ్ వెండి, అంటే నూటికి 92.5 పాళ్ల వెండి అయి ఉండాలి. పైనున్న బంగారం కనీసం 10 క్యారెట్లది అయి, మేలిమి బంగారం లెక్కలో 2.5 మైక్రాన్లకు తగ్గకూడదు.

గోల్డ్ ఫిల్డ్‌లో విద్యుత్తు పని లేదు. ఇత్తడి దిమ్మె మీద బంగారు రేకును వేడి చేసి, గట్టిగా నొక్కి అతికించిన తరువాత రెంటినీ కలిపి రోలర్ల మధ్య సాగదీసి రేకుగానో తీగగానో తయారు చేస్తారు. ఇక్కడ నియమం మందాన్ని కాకుండా బరువును చూస్తుంది: కనీసం 10 క్యారెట్ల బంగారు మిశ్రమం మొత్తం బరువులో 20వ వంతు ఉండాలి. అందుకే వస్తువు మీద 1/20 14K GF అన్న గుర్తు కనిపిస్తుంది. ఈ వంతు కంటే తక్కువ ఉన్నదాన్ని రోల్డ్ గోల్డ్ ప్లేట్ అంటారు, 1/40 వంటి భిన్నం దాని పక్కన వేయాలి. మన ఊళ్లలో రోల్డ్ గోల్డ్ అని, వన్ గ్రామ్ గోల్డ్ అని అమ్మే నగల్ని ఈ కొలతలతో పోల్చకూడదు. ఆ పేర్లు బంగారు మందానికి హామీ ఇచ్చేవి కావు.

బరువు లెక్క మందంగా ఎలా మారుతుందో ఒక గొలుసుతో చూద్దాం. మిల్లీమీటరు తీగతో అల్లిన పది గ్రాముల గొలుసు అనుకోండి. గోల్డ్ ఫిల్డ్ అయితే అందులో 14 క్యారెట్ల మిశ్రమం అర గ్రాము ఉంటుంది; బంగారం ఇత్తడి కంటే బరువైనది కనుక ఆ అర గ్రాము తీగ చుట్టూ సుమారు 8 మైక్రాన్ల పొరగా పరుచుకుంటుంది. అందులో మేలిమి బంగారం దాదాపు 0.29 గ్రాములు. అదే తీగతో అంతే బరువున్న వెర్మెయిల్ గొలుసులో మేలిమి 0.18 గ్రాముల దాకా ఉంటుంది. 0.175 మైక్రాన్ల ప్లేటెడ్ గొలుసులోనైతే అది 15 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. తీగ సన్నబడితే గోల్డ్ ఫిల్డ్ పొర కూడా అదే నిష్పత్తిలో పలుచనవుతుంది: అర మిల్లీమీటరు తీగకు అది 4 మైక్రాన్లే. కాబట్టి సన్నని గొలుసుల్లో గోల్డ్ ఫిల్డ్‌కూ వెర్మెయిల్‌కూ మధ్య దూరం ప్రకటనల్లో చెప్పేంత ఉండదు.

అయినా గోల్డ్ ఫిల్డ్ ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎందుకంటే రోలర్ల కింద నలిగిన బంగారం రంధ్రాల్లేని గట్టి రేకు. ఎలక్ట్రోప్లేటింగ్‌లో పేరుకున్న పలుచని పూతలో కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు మిగిలిపోతాయి. చెమటలోని ఉప్పు వాటిగుండా లోపలి లోహాన్ని చేరి దాన్ని తినడం మొదలుపెడుతుంది. పూత అరగకముందే మచ్చలు రావడానికి, మెడ మీద పచ్చటి చారలు పడటానికి కారణం ఇదే. రాగి కూడా కాలక్రమంలో బంగారంలోకి ఇంకి పైకి వచ్చి నల్లబడుతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో నికెల్ పొర వేస్తారు, కానీ పూత అరిగాక నికెల్ పడనివారికి దద్దుర్లు, దురద రావచ్చు. వెర్మెయిల్‌లో ఈ బెడద తక్కువ, కానీ వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, ఆ నలుపు పూత గుండా, అరిగిన అంచుల దగ్గర పైకి తేలుతుంది.

గోల్డ్ ఫిల్డ్ బలహీనత ఎక్కడుందంటే తీగ కోసిన చివర్లలో. కొక్కెం దగ్గర, గొలుసు వలయాలు అతికిన చోట్ల లోపలి ఇత్తడి బయటికి చూస్తుంటుంది. రంగు మార్పు ముందుగా అక్కడే కనిపిస్తుంది. కొనేటప్పుడు భూతద్దంతో ఆ చివర్లు చూసి, అతుకులు నున్నగా మూసి ఉన్నాయో లేదో గమనించాలి.

రోజూ వాడే వస్తువుకైతే నేను వేసుకునే అంచనా ఇది. పలుచని ప్లేటెడ్ ఉంగరం కొన్ని వారాలకే అరగవచ్చు. గొలుసు కొన్ని నెలల నుంచి ఏడాది దాకా ఉండవచ్చు. వెర్మెయిల్ గొలుసు జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు, లోలకులు అంతకన్నా ఎక్కువ నిలుస్తాయి. మందపు తీగతో చేసిన గోల్డ్ ఫిల్డ్ గొలుసు పదేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఉంగరం ప్రతి రకంలోనూ ముందు అరుగుతుంది, ఎందుకంటే దానికి రాపిడి ఆగదు.

ఒక అలవాటు మాత్రం ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది. వెండి సామాను తోమినట్టు టూత్ పేస్టుతోనో పాలిష్ పొడితోనో వెర్మెయిల్‌ను రుద్దితే, నలుపుతో పాటు బంగారమూ పోతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తని సబ్బుతో కడిగి, గుడ్డతో అద్ది ఆరబెట్టడమే మంచిది.

ఇక ఎంపిక సంగతి. స్నానానికీ నిద్రకూ తీయకుండా మెడలో ఉంచుకునే గొలుసుకు మిల్లీమీటరు మందమున్న గోల్డ్ ఫిల్డ్ తీసుకోవాలి. దానికి వెర్మెయిల్ సరిపోదనే నా అభిప్రాయం. కానీ రాళ్లు పొదిగినవి, పోత పోసి చేసే పనితనమున్న లోలకులు గోల్డ్ ఫిల్డ్‌లో దొరకడం కష్టం, ఎందుకంటే అతికించిన రేకును కరిగించి పోత పోయలేరు. వాటికి వెర్మెయిలే తగినది: పూత పోయాక మళ్లీ వేయించుకోవచ్చు, లోపలి వెండికి విలువ ఉంటుంది. పండక్కో పెళ్లికో ఒక్కరోజు పెట్టుకునే పెద్ద హారానికి ప్లేటెడ్ చాలు. అయితే మైక్రాన్లు రాసి ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొనాలి.