ఏడో రోజుకి ఎంతమంది మిగిలారు? ప్లేయబుల్, రివార్డెడ్ యాడ్స్‌తో రెండున్నరేళ్లు

మేం ముగ్గురం కలిసి చేసిన పజిల్ గేమ్ ఒకటుంది. గొట్టాలను తిప్పుతూ నీళ్లు మొక్క దాకా చేర్చాలి, అంతే ఆట. రెండున్నరేళ్లుగా కొత్త ఆటగాళ్లను ఎక్కువగా ప్లేయబుల్ యాడ్స్‌తోనే తెచ్చుకుంటున్నాం. ఆదాయంలో పెద్ద వాటా రివార్డెడ్ వీడియోలదే, అంటే మొత్తం చూస్తే ఆటలో ఏదో ఒక బహుమతి ఇచ్చే యాడ్స్‌దే. రెండూ పనిచేస్తాయి. కానీ మొదటి ఏడాదంతా వాటిని తప్పు కొలతతో కొలిచాం, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ప్లేయబుల్ సంగతి. ఇంకో గేమ్ ఆడుతున్నవాళ్ల స్క్రీన్ మీద మన ఆట ముక్క ఒకటి తెరుచుకుంటుంది. అరనిమిషం ఆడతారు, చివర్లో స్టోర్ బటన్ వస్తుంది. లోపల ఉన్నది హెచ్‌టీఎంఎల్ ఫైలే. చాలా యాడ్ నెట్‌వర్క్‌లు 5 ఎంబీ దాటనివ్వవు కాబట్టి బొమ్మలు, శబ్దాలు బాగా కుదించాలి. చేయడానికి మాకు వారం పట్టేది. చేశాక అందరూ చూసే అంకె ఐపీఎమ్, అంటే వెయ్యిసార్లు చూపిస్తే ఎన్ని ఇన్‌స్టాల్స్ వచ్చాయన్నది. మేమూ అదే చూశాం.

ఒక దశలో మా దగ్గర రెండు ప్లేయబుల్స్ ఉండేవి. మొదటిదాంట్లో ఎక్కడ నొక్కినా గొట్టం సరైన వైపే తిరిగేది. మూడు నొక్కుల్లో నీళ్లు పారి, పూలు విచ్చుకుని, స్టోర్ పేజీ వచ్చేసేది. రెండోది ఆటలోని ఆరో లెవెల్‌కి అచ్చు నకలు. తప్పు తిప్పితే నీళ్లు నేలపాలవుతాయి, ఓడిపోవచ్చు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండిటికీ ఒకే బడ్జెట్ పెట్టాం. లెక్క తేలికగా ఉండటానికి ఒక్కోదానికి 10,000 యూనిట్లు అనుకోండి. మొదటిదానికి 5,000 ఇన్‌స్టాల్స్ వచ్చాయి, రెండోదానికి 3,200. ఆ రోజే రెండోదాన్ని ఆపేద్దామనుకున్నాం.

మా టీమ్‌లో అనలిటిక్స్ చూసే అమ్మాయి "ఒక్క వారం ఆగుదాం అన్నా" అని పట్టుబట్టింది. మర్నాడు తిరిగొచ్చినవాళ్లు మొదటిదాంట్లో 1,100, రెండోదాంట్లో 1,152. రెండు వేల దాకా ఉన్న తేడా ఒక్క రాత్రిలో మాయమైపోయింది. ఏడో రోజుకి మొదటిదాంట్లో 200 మంది, రెండోదాంట్లో 320 మంది మిగిలారు. ఇన్‌స్టాల్ ధర చూస్తే మొదటిదే చవక, 2 యూనిట్లు. రెండోది 3 దాటింది. ఏడో రోజు మిగిలిన ఒక్కో ఆటగాడికి ఎంత పడిందో చూస్తే మొదటిది 50, రెండోది 31. మేం ఆపేద్దామనుకున్నదే మంచి యాడ్.

కారణం వెతకడానికి మొదటి ప్లేయబుల్ నుంచి వచ్చినవాళ్ల తొలి పది నిమిషాలు చూశాం. చాలామంది నాలుగో లెవెల్ దగ్గరే వెళ్లిపోయారు. ఆటలో మొదటిసారి ఓడిపోయే అవకాశం వచ్చేది అక్కడే. యాడ్ వాళ్లకి ఓటమి లేని ఆటను చూపించింది, లోపల ఉన్నది వేరే ఆట. ఆట తేలికైనా కష్టమైనా యాడ్‌లోనూ అలాగే ఉండాలి, ముఖ్యంగా ఓడిపోయే క్షణం కనిపించాలి. అప్పటినుంచి మా ప్లేయబుల్ దేనికైనా ఇదే పరీక్ష. ఇన్‌స్టాల్ చేశాక మొదటి రెండు నిమిషాల్లో యాడ్‌లో చూసిన పనే చేతికి దొరకాలి. కొన్నిసార్లు ఇందుకోసం యాడ్‌ను వదిలేసి ఆట మొదటి లెవెల్స్‌నే మార్చాం.

ఇంకో దెబ్బ కూడా తిన్నాం. ఒక నెట్‌వర్క్‌లో మా ప్లేయబుల్ ఉన్నట్టుండి బ్రహ్మాండంగా నడవడం మొదలైంది. ఏ యాప్ నుంచి ఎంతమంది వస్తున్నారో విడదీసి చూస్తే రెండు యాప్‌ల నుంచి ఇన్‌స్టాల్స్ కుప్పలుగా వస్తున్నాయి, మర్నాడు ఆడేవాళ్లు మాత్రం దాదాపు సున్నా. యాడ్ తెరుచుకున్నాక ఎన్ని సెకన్లకి స్టోర్ పేజీ వచ్చిందో మేమే రికార్డు చేసుకుంటాం కాబట్టి విషయం బయటపడింది. మిగతాచోట్ల 15, 20 సెకన్లు పడుతుంటే అక్కడ మొదటి స్పర్శకే స్టోర్ తెరుచుకుంటోంది. మూసేద్దామని తాకినవాళ్లు కూడా స్టోర్‌కి చేరి, వాళ్లలో కొందరు ఇన్‌స్టాల్స్ కింద పడ్డారన్నమాట. ఆ రెండు యాప్‌లనూ బ్లాక్ చేశాం. ఇప్పుడు ప్రతి సోమవారం యాప్ వారీగా మొదటి రోజు రిటెన్షన్, అంటే ఇన్‌స్టాల్ చేసిన మర్నాడు తిరిగొచ్చినవాళ్ల శాతం, చూడకుండా బడ్జెట్ పెంచం.

రివార్డెడ్ యాడ్స్ విషయంలో తప్పు ఇంకా లోతైనది. డ్యాష్‌బోర్డులో మొదటి రోజు కనీసం ఒక రివార్డెడ్ వీడియో చూసినవాళ్లలో 18 శాతం మంది ఏడో రోజు ఆడుతున్నారు. చూడనివాళ్లలో 6 శాతమే. "యాడ్ చూస్తే ఆటగాడు నిలుస్తాడు" అనుకుని బటన్లు పెంచేశాం. నిజానికి ఆట నచ్చి ఎక్కువసేపు ఆడేవాళ్లకే యాడ్ బటన్ ఎక్కువసార్లు ఎదురవుతుంది. నిలిచేవాళ్లు యాడ్ చూస్తున్నారు, మేం దాన్ని తిరగేసి చదివాం.

సరైన పద్ధతి ఇన్‌స్టాల్ రోజునే ఆటగాళ్లను లాటరీలా విడదీయడం. ఒక్కో గుంపుకి 6,000 మంది. మొదటి గుంపుకి ఏ బటనూ లేదు. రెండో గుంపుకి ఓడిపోయినప్పుడు "యాడ్ చూసి కొనసాగించు" బటన్, లెవెల్‌కి ఒక్కసారే. మూడో గుంపుకి ప్రతి గెలుపు తర్వాత నాణేలు రెట్టింపు చేసే బటన్. గుంపులో ప్రతి ఒక్కరినీ లెక్కలో ఉంచాం, యాడ్ చూసినా చూడకపోయినా. ఈ చివరి మాటే కీలకం.

కొనసాగించు బటన్ ఉన్నవాళ్లలో ఏడో రోజు రిటెన్షన్ 9 నుంచి 11 శాతానికి పెరిగింది. చిన్న లాభమే, కానీ నిజమైన లాభం. నాణేల గుంపులో ఏడో రోజు ఏ తేడా లేదు. ముప్ఫయ్యో రోజు చూస్తే బటన్ లేనివాళ్లు 186 మంది మిగిలితే నాణేల గుంపులో 140 మందే. నాణేలు కుప్పలుగా ఉండటంతో కష్టమైన ప్రతి లెవెల్‌నీ సూచన కొనుక్కుని దాటేశారు. మూడో వారానికి మేం తయారుచేసిన లెవెల్స్ అయిపోయాయి, పజిల్ విప్పిన ఆనందమూ వాళ్లకి దక్కలేదు. యాడ్ ఆదాయం మాత్రం ఆ గుంపులోనే ఎక్కువ. వారం దాకా మాత్రమే చూసి ఉంటే ఈ బటన్‌ని అందరికీ పెట్టేసేవాళ్లం. తీసేసినప్పుడు ఆదాయం తగ్గింది, కొన్ని వారాలు టెన్షన్‌గానే గడిచింది.

అమలు చేసేవాళ్లకి ఒక్క మాట. వీడియో మొత్తం చూసి బహుమతి రాని ఆటగాడు ఇచ్చే ఒక్క స్టార్ రివ్యూ చదివితే బాధేస్తుంది, మాకు అలాంటివి చాలా వచ్చాయి. గూగుల్ యాడ్ నెట్‌వర్క్ ఆడ్‌మాబ్‌లో బహుమతిని `onUserEarnedReward` అనే కాల్‌బ్యాక్ వచ్చినప్పుడే నమోదు చేసి సేవ్ చేసేయాలి. యాడ్ మూసేదాకా ఆగితే ఈలోపు యాప్ ఆగిపోయినప్పుడు అది పోతుంది. లోడ్ చేసిన యాడ్ గంట దాటితే పనికిరాదు, మళ్లీ తెచ్చుకోవాలి. యాడ్ సిద్ధంగా లేకపోతే బటన్ కనిపించనేకూడదు.

ఈ లెక్కలన్నీ ఆండ్రాయిడ్‌వి. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చాక ట్రాకింగ్‌కి ఆటగాడి అనుమతి కావాలి. ఆపిల్ ఇచ్చే నివేదికలు ఆలస్యంగా, గుంపులుగా వస్తాయి. చిన్న బడ్జెట్‌తో ఏ ప్లేయబుల్ నుంచి వచ్చినవాళ్లు ఏడో రోజు ఉన్నారో అక్కడ విడదీయలేకపోతున్నాం. అందుకే కొత్త ప్లేయబుల్ ఏదైనా ముందు ఆండ్రాయిడ్‌లో రెండు వారాలు నడిపి, ఏడో రోజు లెక్కలో నెగ్గిందాన్నే ఐఓఎస్‌కి తీసుకెళ్తున్నాం. అక్కడా అలాగే నెగ్గుతుందన్న హామీ లేదు. ఐఓఎస్‌లో ప్లేయబుల్ మార్చిన వారం ముందూ తర్వాతా మొత్తం ఆటగాళ్ల రిటెన్షన్ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాం, ఆ వారం ఆటలో ఇంకేమీ మార్చకుండా.