రాగి రేకా, గ్రాఫైట్ కడ్డీనా: పూత తొట్టెలో ఆనోడ్‌గా ఏది మేలు?

గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒకాయనకి చిన్న రాగి పూత షెడ్డు ఉంది. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకునే నన్ను ఒకరోజు టీకి పిలిచి అసలు సంగతి బయటపెట్టాడు. "రాగి రేకు నెలనెలా అరిగిపోతోంది మాస్టారూ. దాని బదులు గ్రాఫైట్ కడ్డీ వేలాడదీస్తే అరగదు కదేటి? రేకు డబ్బులు మిగులుతాయి!"

అరగదన్న మాట దాదాపు నిజమే. డబ్బులు మిగులుతాయన్న దగ్గరే నాకు అనుమానం. నోటితో చెబితే నమ్మే మనిషి కాడు కాబట్టి అక్కడే రెండు గాజు బీకర్లు పెట్టాం. రెండింటిలోనూ పావు లీటరు చొప్పున ఒకే ద్రావణం: లీటరుకి అర మోల్ మైలుతుత్తం, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం. రెండింటిలోనూ క్యాథోడ్, అంటే పూత ఎక్కే వైపు, శుభ్రం చేసిన రాగి పట్టీయే. కరెంటు ద్రావణంలోకి వచ్చే వైపు, అంటే ఆనోడ్, ఒకదానిలో రాగి రేకు, రెండోదానిలో గ్రాఫైట్ కడ్డీ. బీకర్లని సిరీస్‌లో కలిపాం. ఒకే కరెంటు ముందు ఒకదానిగుండా, తర్వాత రెండోదానిగుండా పోవాలి, తప్పించుకునే దారి లేదు. అర ఆంపియర్ దగ్గర నిలబెట్టి 40 నిమిషాలు నడిపాం.

ఆపడానికి ముందే లెక్క వేసి గోడమీద సుద్దముక్కతో రాశాను:

```
Q = I × t = 0.5 × 2400 = 1200 C
m = Q × M / (n × F)
  = 1200 × 63.55 / (2 × 96485) = 0.395 g
```

40 నిమిషాలంటే 2400 సెకన్లు. 63.55 ఒక మోల్ రాగి బరువు, 96485 ఒక మోల్ ఎలక్ట్రాన్లు మోసే కూలూంబులు. ఒక్కో రాగి అయాను లోహంగా మారడానికి రెండు ఎలక్ట్రాన్లు కావాలి, అందుకే కింద 2. పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ రెండు చోట్లే: నిమిషాలని సెకన్లు చేయరు, లేదా 2 రాయడం మర్చిపోతారు. పట్టీలని ఆరబెట్టి, కంసాలి దగ్గర అడిగి తెచ్చిన తక్కెడలో తూచాం. రెండూ 0.39 గ్రాములే పెరిగాయి. షెడ్డు ఆయన ముఖం వెలిగింది. "చూశారా, రెండూ ఒకటే!"

బరువు వరకూ ఒకటే మరి. గోడమీద రాసిన ఆ ఫారడే సూత్రంలో కరెంటు, కాలం ఉన్నాయి గానీ ఆనోడ్ దేనితో చేశారన్న ప్రస్తావన లేదు, వోల్టేజీ అసలే లేదు. కాబట్టి గ్రాములు చూసి ఈ రెండింట్లో ఏది మేలో తేల్చలేం.

తేడా మల్టీమీటర్‌లో కనిపించింది. రాగి రేకున్న బీకర్ మీద 0.3 వోల్టులు. గ్రాఫైట్ బీకర్ మీద 2 వోల్టులు.

ఎందుకో తెలియాలంటే ఒక్కో బీకర్‌లో మొత్తమ్మీద ఏం మారిందో చూడాలి. రాగి రేకున్న చోట, ఆనోడ్ నుంచి రాగి కరిగింది, క్యాథోడ్ మీద రాగి పేరుకుంది. చేరినదీ పోయినదీ ఒకటే కాబట్టి స్వేచ్ఛాశక్తిలో, అంటే చర్య తనంత తాను జరుగుతుందో బయటి నుంచి నెట్టాలో చెప్పే లెక్కలో, మార్పు సున్నా. అంటే కనీస వోల్టేజీ కూడా సున్నాయే. ఆ 0.3 వోల్టు ఎక్కువ భాగం ద్రావణం నిరోధానికి ఖర్చయింది. గ్రాఫైట్ దగ్గర కరగడానికి రాగి లేదు. ఎలక్ట్రాన్లు ఇవ్వాల్సిన పని నీటి మీద పడింది, అది విడిపోయి ఆక్సిజన్ బుడగలు, ఆమ్లం ఇచ్చింది:

```
Cu2+ + H2O → Cu + ½O2 + 2H+
ΔG° = 0 − (65.5 − 237.1) = +171.6 kJ
Emin = 171600 / (2 × 96485) = 0.89 V
```

65.5 రాగి అయాను ఏర్పడే స్వేచ్ఛాశక్తి, మైనస్ 237.1 నీటిది. జవాబు ధనాత్మకంగా వచ్చింది కాబట్టి ఈ చర్య తనంత తాను జరగదు, బయటి నుంచి నెట్టాలి. మోల్‌కి ఇన్ని జౌళ్లు అన్నదాన్ని మోల్‌కి ఇన్ని కూలూంబులతో భాగిస్తే వోల్టులు వస్తాయి.

0.89 ఎక్కడ, 2 ఎక్కడ? 0.89 హద్దు మాత్రమే, దానికి దిగువన పని జరగదని చెబుతుంది. దాటగానే జోరుగా జరుగుతుందని హామీ ఇవ్వదు. గ్రాఫైట్ మీద ఆక్సిజన్ పుట్టడం చాలా మందకొడి వ్యవహారం. నాబ్‌ని మెల్లగా తిప్పి చూస్తే ఒకటిన్నర వోల్టు దాటాకగానీ బుడగలు సరిగ్గా కనపడలేదు. (ఈ లెక్కని గుడ్డిగా నమ్మితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకప్పుడు ఇక్కడి మింది దగ్గర నడిచిన జింక్ స్మెల్టర్ లాంటి చోట్ల సల్ఫేటు ద్రావణం నుంచి జింక్ తీస్తారు. దానికి కనీసం 2 వోల్టులు కావాలి, నీటి నుంచి హైడ్రోజన్‌కి 1.23 చాలు. లెక్క ప్రకారం ముందు హైడ్రోజనే రావాలి. జింక్ మీద హైడ్రోజన్ పుట్టడం మరీ నెమ్మది కాబట్టి జింక్ పేరుకుంటుంది.)

ఇక డబ్బు సంగతి. కిలో రాగి పేరుకోవడానికి సుమారు 843 ఆంపియర్-గంటలు కావాలి, ఏ ఆనోడ్‌కైనా. దాన్ని 0.3తో గుణిస్తే పావు యూనిట్, 2తో గుణిస్తే దాదాపు 1.7 యూనిట్లు. కరెంటు బిల్లు కన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. గ్రాఫైట్ పెడితే పట్టీకి అంటిన ప్రతి గ్రామూ ద్రావణంలోంచే పోతుంది. తిరిగి నింపాలంటే కిలో రాగికి దాదాపు 4 కిలోల మైలుతుత్తం పోయాలి. పైగా ప్రతి రాగి అయాను పోయిన చోట రెండు హైడ్రోజన్ అయాన్లు చేరి ఆమ్లం పెరుగుతూ పోతుంది. కడ్డీ కూడా పూర్తిగా చెక్కుచెదరకుండా ఉండదు, నల్లటి పొడి రాలుస్తుంది, అది పూతలో చిక్కుకుని గరుకు చేస్తుంది.

రాగి రేకుకీ తన జబ్బులున్నాయి. చౌక రేకులో మలినాలుంటే అడుగున నల్లటి బురద చేరుతుంది. రేకు మరీ చిన్నదై కరెంటు ఎక్కువైతే, దాని మీద మైలుతుత్తమే స్ఫటికాలుగా గడ్డకట్టి మూసేస్తుంది. అప్పుడు వోల్టేజీ ఉన్నట్టుండి పైకి లేస్తుంది, మీటరు చూసేవాడికి వెంటనే తెలుస్తుంది. రేకు వెడల్పు పెంచితే సరి.

పూతకి రాగి రేకే అని ఆయన ఒప్పుకున్నాడు. గ్రాఫైట్‌కి వేరే చోటు చూపించాను: పూత వేసిన సామాను కడిగిన నీళ్ల డ్రమ్ము. అక్కడ మనకి కావాల్సింది నీళ్లలోంచి రాగిని బయటికి తీయడం. రాగి ఆనోడ్ పెడితే ఇటు తీసినంతా అటు కరిగి చేరుతుంది, పని సున్నా. ఒక్క జాగ్రత్త చెప్పాను, ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి క్లోరైడ్ నీళ్లకి మాత్రం గ్రాఫైట్ పెట్టొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

వారం తర్వాత ఫోను. "2 ఆంపియర్లు 17 గంటలు నడిపానండి. మీ లెక్క ప్రకారం 40 గ్రాములు రావాలి. 26 వచ్చింది. అదీ నల్లగా, రుద్దితే రాలిపోతోంది. మిగతా 14 గ్రాములు ఏటైపోయాయి మాస్టారూ?"

"పట్టీ దగ్గర బుడగలొచ్చాయా?"

"తెల్లారేసరికి పొంగుతున్నాయండి."

నీళ్లలో రాగి పలచబడింది. పట్టీ దగ్గరికి అయాన్లు చేరేలోపే ఎలక్ట్రాన్లు వచ్చిపడుతున్నాయి, మిగిలినవి హైడ్రోజన్‌కి పోయాయి. 40కి 26, అంటే కరెంటులో 65 శాతమే రాగికి పనికొచ్చింది. డ్రమ్ము మూత తీసి ఉంచమని, దగ్గర్లో బీడీ వెలిగించొద్దని, సగం రాత్రి దాటాక కరెంటు అర ఆంపియర్‌కి తగ్గించి నీటిని కలియబెడుతూ ఉండమని చెప్పాను.