అక్క పెళ్లిలో తమ్ముడి మాట: పది ముచ్చట్లా, ఒకే కథా?

మా పిన్ని కొడుకు వాళ్ల అక్క రిసెప్షన్‌లో మూడు నిమిషాల లోపు మాట్లాడాలి. రెండు రకాలుగా రాసుకుని, ఏది మేలో చెప్పమని నాకు పంపాడు.

మొదటిది ముచ్చట్ల దండ. రిమోట్ కోసం కొట్లాట, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం అక్కే పెట్టేయడం, సంక్రాంతికి డాబా మీద చరఖా పట్టుకోనని అలగడం, ఇలా ఒక్కొక్కటీ రెండేసి వాక్యాలు. నాకు నవ్వు ఆగలేదు. కానీ అవన్నీ నా కళ్లముందు జరిగినవి. బావగారి తరఫు వాళ్లకు ఆ ఇల్లూ తెలియదు, ఆ డాబా తెలియదు. వాళ్లు ఊహించుకునేలోపే తర్వాతి ముచ్చట వచ్చి పడుతుంది. పైగా ఆ దొంగ సంతకం కథ కొత్త అత్తగారి ముందు అవసరమా?

రెండోది ఒకే కథ. "నిన్ను నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్నాం" అని అక్క చెబితే వీడు నమ్మేశాడు. జనవరి 1న నుమాయిష్ మొదలైతే చాలు, తిరిగి ఇచ్చేస్తారేమోనన్న భయంతో బుద్ధిమంతుడైపోయేవాడు. ఫిబ్రవరి 15న అది మూతపడగానే అల్లరి మళ్లీ మొదలు. ఒక ఏడాది ఆ జనంలో అక్క చేయి గట్టిగా పట్టుకుని, "నన్ను ఇచ్చేయకు, నీ హోంవర్క్ నేను రాస్తాను" అని ఏడ్చాడట. అక్క తన మిర్చి బజ్జీలో సగం తుంచి చేతిలో పెట్టి, "రసీదు పోయిందిలేరా, ఇక ఇవ్వలేం" అన్నది.

నా ఓటు దీనికే. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు నుమాయిష్ గురించి వివరించనక్కర్లేదు. బయటి ఊరివాళ్లకు "ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్" అంటే సరిపోతుంది. ఆ బజ్జీ దగ్గర నవ్వుతున్నవాళ్లే కాస్త మెత్తబడతారు. "అక్కకు నేనంటే ప్రాణం" అని విడిగా చెప్పే పని తప్పుతుంది. దండ కూడా పనికిరానిది కాదు. సంగీత్ రాత్రి పిన్నమ్మ, మేనత్తల పిల్లలే కూర్చున్నప్పుడు అదే బాగుంటుంది.

ఒక్క వాక్యం మాత్రం కొట్టేయించాను. చివర "బావా, అక్కను మేం తిరిగి తీసుకోం" అని రాశాడు. అప్పగింతల రోజున ఆ హాస్యం అమ్మానాన్నలకు గుచ్చుకుంటుంది. దాన్ని బావ మీదికి తిప్పాం: "బావా, నేటి నుంచి మీరూ మా ఇంటివారే. మీ రసీదు కూడా అక్క పారేసింది."

నిడివికి ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పైకి చదివి చూసుకోమన్నాను. రెండు నిమిషాల పదిహేను సెకన్లకు ముగిస్తే నవ్వులకు చోటు మిగులుతుంది. వరుసకు చిన్నవాడు కనుక "నిండు నూరేళ్లు చల్లగా ఉండండి" అని దీవించడం కుదరదు. మైకు పక్కన పెట్టి ఇద్దరి కాళ్లకూ దండం పెడితే సరి. అక్క అక్కడే ఒక మొట్టికాయ వేస్తుంది, అది రాసుకోనక్కర్లేదు.