చైనీస్‌లోకి బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్ల అనువాదం: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ఉద్యోగం చైనాలో కావడంతో భార్యాపిల్లల రెసిడెన్స్ పర్మిట్లకీ, బడి అడ్మిషన్‌కీ మా బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లను కొన్నేళ్లుగా చైనీస్‌లోకి అనువాదం చేయించుకుంటున్నాను. వేర్వేరు అనువాద కంపెనీలను వాడాను. చివరికి ఒకదాని దగ్గరే స్థిరపడ్డాను. దానికి కారణం వాళ్ల చైనీస్ బాగుండటం కాదు, అది బాగుందో లేదో చెప్పేంత చైనీస్ నాకు రాదు. వాళ్లు అసలు కాగితాన్ని ఎలా ఉందో అలాగే దించుతారు. దాంతో భాష రాకపోయినా పని సరిగ్గా జరిగిందో లేదో నేనే చూసుకోగలుగుతున్నాను.

ముందు సర్టిఫికేషన్ సంగతి. సొంతంగా చేసుకున్న అనువాదం, భాష తెలిసిన స్నేహితుడు చేసిపెట్టిన అనువాదం కౌంటర్‌లో చెల్లవు. ఆఫీసువాళ్లు చూసేది ఎర్రటి గుండ్రని సీలు. అందులో కంపెనీ చైనీస్ పేరుతో పాటు అది అనువాదాలకే వాడే సీలని రాసి ఉంటుంది. దానికి జతగా కంపెనీ వ్యాపార లైసెన్స్ నకలు, దాని మీద కూడా సీలు ఉండాలి. ఆ లైసెన్స్‌లో చేసే వ్యాపారాల జాబితాలో అనువాదం ఉండాలి. పేరులో 'కన్సల్టింగ్' అని మాత్రమే ఉన్న సంస్థల విషయంలో ఇది అడిగి చూడాలి. అసలు సర్టిఫికెట్ నకలు, అనువాదం కలిపి పిన్ చేసి, పేజీల అంచులు కలిసే చోట సీలు సగం సగం పడేలా వేస్తే మధ్యలో పేజీ మార్చారన్న అనుమానం ఉండదు. కొన్ని ఆఫీసులు తమ జాబితాలో ఉన్న కంపెనీల అనువాదాలనే తీసుకుంటాయి కాబట్టి, డబ్బు కట్టే ముందు కాగితం ఇవ్వాల్సిన ఆఫీసులోనే అడగడం మంచిది. రంగుల స్కాన్ పంపిస్తే చాలదు, ఇంకు సీలున్న కాగితమే కావాలి. ఒక ప్రతి ఆఫీసువాళ్లే ఉంచేసుకుంటారు గనుక అదనపు ప్రతులు మొదటిసారే చేయించుకోవాలి.

క్రమం కూడా ముఖ్యం. ముందు అటెస్టేషన్, తర్వాత అనువాదం. ఒకే ధ్రువీకరణతో ఒక దేశపు కాగితాలు మరో దేశంలో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో చైనా 2023 నవంబర్ 7 నుంచి ఉంది. కానీ చైనా చేరికకు భారత్ అభ్యంతరం చెప్పడంతో ఆ ఒప్పందం ఈ రెండు దేశాల మధ్య అమల్లోకి రాలేదు. కాబట్టి భారతీయ సర్టిఫికెట్లకు అపోస్టిల్ ఒక్కటే సరిపోదు, చైనా కాన్సులర్ అటెస్టేషన్ పాత పద్ధతిలోనే చేయించాలి. సర్టిఫికెట్ వెనక అటెస్టేషన్ స్టిక్కర్లు, సీళ్లు పడ్డాక వాటితో సహా అనువదించాలి. ముందే అనువదించి పెట్టుకుంటే ఆ వెనక పేజీ అనువాదంలో ఉండదు, మళ్లీ చేయించాల్సి వస్తుంది.

ఇక అసలు తేడా తెలిసేది లేఅవుట్‌లో. మొదట్లో వాడిన ఒక కంపెనీ దగ్గర బర్త్ సర్టిఫికెట్‌కి రెడీమేడ్ ఫారం ఉండేది. పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు అందులో నింపేసి ఇచ్చేవాళ్లు. చూడ్డానికి నీటుగానే ఉండేది. అసలులో ఉన్న రిమార్కుల గడి, రిజిస్ట్రార్ హోదా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న చట్టం ప్రస్తావన మాత్రం మాయం. కౌంటర్‌లో ఉన్నావిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో గడీ పోల్చుకుంటూ పోయింది. రిమార్కుల గడి దగ్గర వేలు ఆగిపోయింది. కాగితాలు వెనక్కి వచ్చేశాయి. అప్పట్లో ఎంట్రీ అయిన 30 రోజుల్లోపు పర్మిట్‌కి అప్లై చేయాల్సిన వీసా మాది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు వాడుతున్నవాళ్లు గడికి గడి, వరుసకు వరుస దించుతారు. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచుతారు. సీలున్న చోట బ్రాకెట్లో సీలు అని, అందులోని అక్షరాలతో సహా రాస్తారు. సంతకం, క్యూఆర్ కోడ్, చదవడానికి వీల్లేని చేతిరాత, అన్నింటికీ అలాగే బ్రాకెట్లు. రాజముద్ర బొమ్మను మాత్రం అతికించరు, అక్కడ రాజముద్ర ఉందని మాటల్లో రాస్తారు. ఇది సరైన పద్ధతే. బొమ్మ అతికిస్తే అనువాదం కాస్తా నకిలీ సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది.

మా మ్యారేజ్ సర్టిఫికెట్‌నే తీసుకోండి. అందులో మూడు తేదీలున్నాయి: పెళ్లి జరిగింది, రిజిస్టర్ అయింది, సర్టిఫికెట్ ఇచ్చింది. పెళ్లి తేదీ 05/04 అని మొదలవుతుంది. రోజు ముందా నెల ముందా అనేది ఆ అంకెల్లో తెలియదు. చైనీస్‌లో సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తారు గనుక అనువాదంలో ఏప్రిల్ 5 అయితే 4 ముందు, 5 తర్వాత రావాలి. తేదీల్లో అంకెలు అంకెలుగానే ఉంటాయి కాబట్టి ఇది ఎవరైనా చూసుకోవచ్చు. డ్రాఫ్ట్ రాగానే నేను అసలులో సీళ్లు లెక్కపెట్టి, అనువాదంలో వాటి బ్రాకెట్లు లెక్కపెడతాను. రిజిస్ట్రేషన్ నంబర్ అంకె అంకె చూస్తాను. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లను పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని చూస్తాను. ఫారంలో నింపి ఇచ్చేవాళ్ల అనువాదంలో ఈ లెక్క ఎప్పుడూ సరిపోలేదు.

పేర్ల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మన పేర్లకు చైనీస్ అక్షరాలు ధ్వనిని బట్టి ఎంచుతారు, ఒక్కో అనువాదకుడు ఒక్కో అక్షరం ఎంచుకుంటాడు. 'లక్ష్మి' లాంటి పేరు రెండు కంపెనీల చేతిలో రెండు రకాలుగా బయటికి వస్తుంది. అప్పుడు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి ఒకరు, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో భార్య మరొకరు అన్నట్టు ఉంటుంది. నేను ఇంట్లో అందరి చైనీస్ పేర్లూ ఒక కాగితం మీద పెట్టుకుని ప్రతి ఆర్డర్‌తోనూ పంపుతాను. చైనీస్ పేరు పక్కన పాస్‌పోర్ట్‌లోని ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఉండాల్సిందేనని చెబుతాను. ఇంటిపేరు అసలులో పొడి అక్షరంగా ఉంటే అనువాదంలోనూ అలాగే ఉండనివ్వాలి, విడదీయకూడదు.

వీళ్ల మీద గౌరవం పెరిగింది మా అబ్బాయి సర్టిఫికెట్ విషయంలో. అందులో వాళ్ల అమ్మకి పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆవిడ పాస్‌పోర్ట్‌లో మా ఇంటిపేరు ఉంది. అనువాదంలో పాస్‌పోర్ట్ పేరే రాసేయమని మా ఆవిడ అడిగింది. "అసలులో ఉన్నదే రాస్తామండీ, మారిస్తే సీలు వేయలేం" అన్నారు. రెండు పేర్లూ ఒకరివేనని విడిగా అఫిడవిట్ చేయించి, దాన్నీ అటెస్ట్ చేయించి తెస్తే అనువదిస్తామన్నారు. ఖర్చు, సమయం రెండూ పెరిగాయి, కానీ పర్మిట్ ఆఫీసులో మా దగ్గర అడిగింది సరిగ్గా ఆ కాగితమే.

లోపాలు లేకపోలేదు. లేఅవుట్ దించాలనే పట్టుదలలో అక్షరాలు చీమల్లా చేసేస్తారు, పెద్దవి చేయమని ప్రతిసారీ చెప్పాలి. ఇంగ్లిష్‌తో పాటు మరో భాష కూడా ఉన్న సర్టిఫికెట్లో వాళ్లు ఇంగ్లిషే చదువుతారు, రెండో భాషలో కూడా ఇదే ఉందని ఒక నోటు పెట్టేస్తారు. రెండు భాషల్లో పేరు ఒకేలా ఉందో లేదో మనమే ముందు చూసుకోవాలి. ఇంకో మాట, ఈ కాగితాలు చైనా ప్రధాన భూభాగం వరకే. తైవాన్‌కి వెళ్లేవాళ్లకు సంప్రదాయ లిపిలో వేరే అనువాదం కావాలి, దాని ధ్రువీకరణ కూడా అక్కడి ప్రతినిధి కార్యాలయం ద్వారానో అక్కడి నోటరీ ద్వారానో విడిగా జరగాలి.