రాగాన్ని అంకెల్లో రాసి కార్డులు కట్టడం: మూడేళ్ల తర్వాత హిందోళం చెప్పిన మాట

స్వరాలను మెట్ల అంకెలుగా రాసుకుని కీబోర్డు మీద కార్డులు, అంటే కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి నొక్కే గుత్తులు, వేయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. మొదట్లో అందరికీ ఇదే వాడమని చెప్పేవాణ్ని, ఎందుకంటే స స్వరాన్ని 1 అనుకుంటే పాడేవారు శృతి మార్చినా కాగితం మార్చక్కర్లేదు. మోహనం 1 2 3 5 6. అందులో స-గ-ప మేజర్ కార్డు దానంతట అదే దొరుకుతుంది, ఎక్కడా పేచీ లేదు.

పేచీ అంతా హిందోళంతో వచ్చింది. స గ మ ద ని, అంటే 1, ఫ్లాట్ 3, 4, ఫ్లాట్ 6, ఫ్లాట్ 7. ఫ్లాట్ అంటే అర మెట్టు కిందకి. కాగితం మీద మైనర్ స్కేల్‌లా ఉంది కదా అని స మీద మైనర్ కార్డు వేశాను. అందులో ప ఉంది, హిందోళంలో ప లేదు. పాడుతున్న అక్క రెండో ఆవర్తంలోనే ఆగి, "ఆ పంచమం తీసెయ్, నాకు మ దగ్గర నిలబడ్డానికి చోటు లేదు" అంది.

సరే, రాగంలో ఉన్న స్వరాలతోనే కడదామని చూస్తే మూడు స్వరాల పూర్తి ట్రయాడ్‌లు రెండే దొరికాయి: ద-స-గ మేజర్, మ-ద-స మైనర్. బయటి స్వరం ఒక్కటీ లేదు కాబట్టి తప్పే జరగదనుకున్నాను. కానీ బాస్‌లో ద పెట్టి ద-స-గ పట్టుకునేసరికి అక్క పాడుతున్నది మోహనంలా వినిపించడం మొదలైంది! ఇది గ్రహభేదమే. హిందోళంలోని ద స్వరాన్ని స అనుకుని లెక్కపెడితే వచ్చేది మోహనం. మ-ద-స మీద ఎక్కువసేపు ఉంటే అదే లెక్కన శుద్ధ ధన్యాసి వైపు జారిపోతుంది. అంకెలు ఏ స్వరాలు ఉన్నాయో చెప్పాయి గానీ చెవి దేన్ని స గా పట్టుకుంటుందో చెప్పలేదు, నాకు ఈ పద్ధతి మీదున్న కోపమంతా అక్కడే.

ఇప్పుడు చేసేది ఇది. ఎడమ చేత్తో కింద స స్వరాన్ని వదలకుండా మోగిస్తాను, పైన మ, ని మాత్రం మెత్తగా. మ గట్టిగా పడితే అదే ఆధారం అయి కూర్చుంటుంది, అందుకే స స్వరాన్ని రెండు స్థాయిల్లో పట్టుకుంటాను. గ స్వరాన్ని కార్డులో పెట్టను, పాడేవారు గమకంతో ఊపుతుంటే నా కీ మాత్రం ఒకచోటే నిలబడి కొట్టుకుంటుంది. ద-స-గ కార్డును పూర్తిగా వదల్లేదు, కింద స అలాగే ఉంచి ఒక చరణం చివర అర ఆవర్తం వాడతాను. వేసిన కార్డు సరైనదో కాదో తెలియాలంటే వాయించడం ఆపేసి కూనిరాగం తీస్తాను, గొంతు స మీద వాలకుండా ద మీద వాలిందంటే ఆ కార్డు కొట్టేస్తాను.

శృతి మార్పుల కోసం అంకెలు ఇప్పటికీ రాసుకుంటున్నాను. నా పక్కన వెంటనే ఆపి చెప్పే గాయని ఉంది కాబట్టి నాకు నడుస్తోంది. ఒంటరిగా రికార్డు చేసుకునేవారైతే మోహనం వరకు ధైర్యంగా వాడొచ్చు, ప లేని రాగాలకు మాత్రం ముందు ఒక వారం ఉత్త స మీదే పాడి చూసుకోమంటాను.